అప్లై చేశాక సర్టిఫికెట్ వచ్చిందా? హెచ్ఆర్‌కి మెయిల్ ఇలా రాయండి

కోటబొమ్మాళిలో బీకాం చేసిన ఒకమ్మాయి విశాఖలో మ్యూచువల్ ఫండ్లు అమ్మే ఆఫీసుకి అప్లై చేసిందనుకుందాం. రెజ్యూమె పంపేటప్పటికి ఎన్ఐఎస్ఎం సిరీస్ ఫైవ్-ఏ పరీక్ష రాయలేదు. మూడు వారాల తర్వాత రాసి 64 మార్కులతో పాసైంది. ఈ సంగతి ఆఫీసుకి చెప్పాలా? ఇంటర్వ్యూ పిలుపు కోసం చూడకుండా చెప్పేయాలి.

ఎందుకంటే ఫండ్లు అమ్మాలంటే 100 మార్కుల ఈ పరీక్షలో కనీసం 50 రావాలి. ఆ తర్వాతే యాంఫీ దగ్గర నంబర్ ఇస్తారు. సొంతంగా చేసేవాళ్లకి అది ఏఆర్ఎన్, వాళ్ల దగ్గర పనిచేసే ఉద్యోగులకి ఈయూఐఎన్. పాసవ్వని మనిషిని తీసుకుంటే పరీక్ష అయ్యేదాకా ఆఫీసు ఆగాల్సిందే. మన అమ్మాయి విషయంలో ఆ ఆలస్యం లేదు. మెయిల్ చెప్పాల్సింది అదే.

అప్లికేషన్ అందిందని వాళ్ల నుంచి మెయిల్ వచ్చి ఉంటే దానికే రిప్లై కొట్టండి. ఉద్యోగం పేరు, రిఫరెన్స్ నంబర్ అందులోనే ఉంటాయి, మీరెవరో వెతుక్కునే పని వాళ్లకి తప్పుతుంది. కానీ అడ్రస్‌లో noreply అని ఉంటే ఆ రిప్లై ఎవరూ చదవరు. అప్పుడు ప్రకటనలో ఇచ్చిన అడ్రస్‌కి పంపండి. సబ్జెక్టులో పోస్టు పేరు, అప్లై చేసిన తేదీ రాయండి.

లోపల ఇంత చాలు, ఇంగ్లీషులో రాసినా ఇదే: “నమస్తే మేడమ్. జూన్ 3న రిలేషన్‌షిప్ ఆఫీసర్ పోస్టుకి అప్లై చేశాను. జూన్ 24న ఎన్ఐఎస్ఎం సిరీస్ ఫైవ్-ఏ పాసయ్యాను, మార్కులు 64. సర్టిఫికెట్, మార్చిన రెజ్యూమె జత చేశాను. ఈయూఐఎన్ ఇంకా తీసుకోలేదు.” కింద పేరు, ఫోన్ నంబర్.

ఆ చివరి వాక్యం వదలొద్దు. పరీక్ష పాసవడం వేరు, నంబర్ రావడం వేరు. కొందరు పాసవగానే రెజ్యూమెలో “యాంఫీ రిజిస్టర్డ్” అని రాసేస్తారు. ఇంటర్వ్యూలో నంబర్ ఎంత అని అడిగితే నోట మాట రాదు.

పేరు కూడా చూసుకోండి. పాన్ కార్డులో “షేక్” అని పూర్తిగా ఉండి, రెజ్యూమెలో “ఎస్‌కే” అని ఉంటే సర్టిఫికెట్ మీదేనా అని అనుమానం వస్తుంది. మన ఇళ్లలో ఇది మామూలే. రెజ్యూమెలో పేరుని పాన్‌లో ఉన్నట్టే మార్చండి. సర్టిఫికెట్ మూడేళ్లే చెల్లుతుంది, గడువు తేదీ కూడా పక్కన వేయండి.

నౌక్రీ లాంటి సైట్‌లో అప్లై చేసి ఉంటే మెయిల్ పంపినంత మాత్రాన అక్కడి ప్రొఫైల్ మారదు. దాన్ని విడిగా మార్చుకోవాలి.

ప్రభుత్వ ఉద్యోగాలకి మాత్రం ఈ దారి పనికిరాదు. ఏపీపీఎస్సీ లాంటి చోట అర్హత నోటిఫికేషన్‌లో చెప్పిన తేదీ నాటికి చేతిలో ఉండాలి. తర్వాత వచ్చిన సర్టిఫికెట్ మెయిల్ చేసినా దాన్ని లెక్కలోకి తీసుకోరు.