తెల్లబరిచే క్రీములు – మూత్రపిండాలకు ముప్పు

పెళ్ళి చూపులు దగ్గరపడగానే "అమ్మాయికి ఏ క్రీము రాయమంటారు?" అని తల్లులు మమ్మల్ని అడుగుతుంటారు. ఏది రాయాలో చెప్పేముందు, ఆ ట్యూబులో ఏముంటుందో తెలుసుకోవడం మంచిది.

చర్మానికి రంగునిచ్చేది మెలనిన్ అనే పదార్థం. ఎండ తగిలితే అది పెరుగుతుంది. మీ చేయి పైభాగంలో, చంకకు దగ్గరగా లోపలివైపు చూడండి. అక్కడ కనిపించేదే మీ సొంత రంగు. ఎండకు నల్లబడిన ముఖాన్ని ఆ రంగు దాకా తేవచ్చు. అంతకన్నా తెల్లగా చేస్తామనే మాటను నమ్మవద్దు.

పేరున్న కంపెనీల క్రీముల్లో సాధారణంగా ఉండేవి చర్మాన్ని మెత్తబరిచే పదార్థాలు, నియాసినమైడ్ అనే బి3 విటమిను, కొంత ఎండను ఆపే మందు. రాయగానే తెల్లగా కనిపించేది చాలావరకు వాటిలోని తెల్లపొడి వల్లే. ముఖం కడిగితే అదీ పోతుంది. ఫెయిర్ అండ్ లవ్లీ పేరు 2020లో గ్లో అండ్ లవ్లీగా మారింది. కాబట్టి డబ్బా మీద పేరు కాదు, వెనుక ముద్రించిన పదార్థాలు చదవాలి.

వారం పది రోజుల్లోనే రంగు తేలితే అనుమానించాలి. అందులో స్టెరాయిడ్ గాని, పాదరసం గాని ఉండవచ్చు. బీటామెథసోన్, మొమెటసోన్, క్లోబెటసాల్ అని ఉంటే అది స్టెరాయిడ్. డాక్టరు చీటీ లేకుండా వాడకూడదు. నెలల తరబడి రాస్తే చర్మం పలుచబడి, ఎర్రబడి, మొటిమలు, వెంట్రుకలు వస్తాయి. మానగానే మంట ఎక్కువవుతుంది కనుక డాక్టరు సలహాతోనే మానాలి.

పాదరసం ఇంకా ప్రమాదం. అది మెలనిన్ తయారీని ఆపేస్తుంది, అందుకే త్వరగా తెలుపు వస్తుంది. కాని చర్మం గుండా రక్తంలోకి వెళ్ళి మూత్రపిండాల్లో పేరుకుంటుంది. కేరళలోని మలప్పురం జిల్లా కొట్టక్కల్‌లో డాక్టర్లు దీన్ని గమనించారు. 2021 జూలై నుండి 2023 సెప్టెంబరు వరకు మూత్రపిండాల జల్లెడ దెబ్బతిన్న 22 మందిని పరిశీలించగా, 15 మందిలో ఒక అరుదైన రకం కనిపించింది. ఆ 15 మందిలో 13 మంది తెల్లబరిచే క్రీము వాడినవారే. జల్లెడ పాడైతే ఒంట్లోని ప్రొటీను మూత్రంలో పోతుంది. మూత్రం నురగగా వస్తుంది, ఉదయం కళ్ళచుట్టూ, సాయంత్రం పాదాలకు వాపు కనిపిస్తుంది. క్రీము మానేశాక వారిలో ఎక్కువమంది కోలుకున్నారు.

ఉద్దానం కిడ్నీ జబ్బుకు ఈ క్రీములే కారణమని మేము చెప్పడం లేదు. అది వేరు. మన ప్రాంతపు జబ్బులో సాధారణంగా వాపు గాని, మూత్రంలో ప్రొటీను గాని ఎక్కువగా ఉండవు. క్రియాటినిన్ మాత్రం పెరుగుతుంది. పాదరసం దెబ్బలో మొదట ప్రొటీను పోతుంది, క్రియాటినిన్ మామూలుగానే ఉండవచ్చు. అందుకే ఇలాంటి క్రీము వాడినవారు "క్రియాటినిన్ బాగానే ఉందన్నారు" అని ఊరుకోక, మూత్రంలో ప్రొటీను పరీక్ష కూడా చేయించుకోవాలి. డాక్టరుకు క్రీము సంగతి చెప్పి, ట్యూబు కూడా చూపించాలి.

పాదరసం ఉన్నదని ఎలా అనుమానించాలి? తయారీదారు చిరునామా, లైసెన్సు నంబరు, పదార్థాల జాబితా లేకపోవడం మొదటి గుర్తు. కాలోమెల్, మెర్క్యూరస్ క్లోరైడ్, మెర్క్యురీ అనే మాటలు కనిపించినా, వెండి బంగారు నగలకు తగలనీయవద్దని రాసి ఉన్నా వెంటనే మానేయండి. అది తువ్వాళ్ళు, దిండుగలీబుల ద్వారా పసిబిడ్డలకూ అంటుతుంది. ట్యూబును కాల్చకండి, మూత బిగించి సంచిలో కట్టి ఉంచండి. అయితే లేబులు బాగున్నంత మాత్రాన పాదరసం లేదని చెప్పలేము. అది తేల్చేది ప్రయోగశాల పరీక్షే.

మరి రంగు సమంగా ఉండాలంటే? మొదట ఎండను ఆపాలి. కొబ్బరి తోటకు, జీడి తోటకు, చేపల రేవుకు వెళ్ళేవారు గొడుగో, తలపాగానో, ముఖం మీదికి వచ్చే కొంగో వాడాలి. ఎస్.పి.ఎఫ్. 30 ఉన్న సన్‌స్క్రీన్‌ను రెండు వేళ్ళ పొడవునా పిండి, ముఖానికి మెడకు రాయాలి. ఎండలో ఉంటే రెండు గంటలకొకసారి మళ్ళీ రాయాలి. నిమ్మరసం రాసుకుని ఎండలోకి వెళితే బొబ్బలెక్కి మచ్చలు పడతాయి. పలాసలో జీడిపిక్కల పని చేసేవారికి జీడి నూనె వల్ల కాలి నల్లబడిన మచ్చలకు క్రీము పనికిరాదు. చేతి తొడుగులే రక్ష. మంగు మచ్చలకు చర్మవైద్యుడు ఇచ్చే అజెలాయిక్ యాసిడ్ వంటి మందులకు రెండు మూడు నెలలు పడుతుంది.

గర్భిణులు, బాలింతలు, ఇదివరకే కిడ్నీ జబ్బు ఉన్నవారు ఊరూ పేరూ లేని క్రీమును ఒక్కరోజు కూడా వాడవద్దని మా మనవి.