ల్యాప్‌టాప్ ఫార్మాట్ చేయిస్తున్నారా? ‘డి డ్రైవ్‌లో వేశాంలే’ అని ధీమాగా ఉంటే ఇబ్బందే!

ల్యాప్‌టాప్ స్లో అయితే ఇంట్లో మొదట వినిపించే మాట.. ఫార్మాట్ కొట్టించేద్దాం. ఫొటోలు, సర్టిఫికెట్లు డి డ్రైవ్‌లో పడేసి, సి డ్రైవ్‌లో విండోస్ మళ్లీ వేయిస్తే సరిపోతుందనుకుంటారు. పాత ల్యాప్‌టాప్‌ల్లో అది నడిచేది. విండోస్ 11 వాటిలో మాత్రం అసలు చిక్కు ఇక్కడే ఉంది.

ఈ ల్యాప్‌టాప్‌ల్లో చాలావాటికి డిస్క్ మొత్తానికీ తాళం పడి ఉంటుంది. దీన్ని డివైజ్ ఎన్‌క్రిప్షన్ అంటారు. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సెటప్ చేయగానే దానంతట అదే ఆన్ అయిపోతుంది. రోజూ వాడేటప్పుడు తాళం ఉన్న సంగతే తెలియదు. కొత్త విండోస్ వేశాక డి డ్రైవ్ మీద క్లిక్ చేస్తే అప్పుడు 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది లేకపోతే షాపువాళ్లే కాదు, మైక్రోసాఫ్ట్ కూడా ఆ ఫైల్స్ తెరవలేదు.

మరి ఆ కీ ఎక్కడుంటుంది? ఓ ఇంట్లో అమ్మ, నాన్న, చెల్లి ఒకే ల్యాప్‌టాప్ వాడుతున్నారనుకుందాం. కొన్నరోజు అన్నయ్య తన అకౌంట్‌తో సెటప్ చేసి, ఆ తర్వాత డల్లాస్ వెళ్లిపోయాడు. కీ అతని అకౌంట్‌లోనే ఉంటుంది. నాన్న తన అకౌంట్‌లో ఎంత వెతికినా దొరకదు. అందుకే ఫార్మాట్‌కు ముందే అన్నయ్యకు ఫోన్ చేసి account.microsoft.com/devices/recoverykey చూడమనాలి. అతను దొరక్కపోతే, ల్యాప్‌టాప్ పనిచేస్తుండగానే కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి ఇది టైప్ చేయొచ్చు.

```
manage-bde -protectors -get D:
```

తాళం ఉంటే Numerical Password కింద ఆ 48 అంకెలు కనిపిస్తాయి. కాగితం మీద రాసుకోవాలి. అదే ల్యాప్‌టాప్‌లో సేవ్ చేస్తే లాభం లేదు.

ల్యాప్‌టాప్‌తో పాటు వచ్చిన విండోస్ కీ గురించి పెద్దగా కంగారు అక్కర్లేదు. అది సాధారణంగా మదర్‌బోర్డులోనే ఉంటుంది. హోమ్ ఉన్నచోట హోమే వేస్తే దానంతట అదే యాక్టివేట్ అవుతుంది. హోమ్ తీసి ప్రో వేస్తే మాత్రం ఆ కీ పనిచేయదు.

ఆఫీస్ అలా కాదు. దాని 25 అక్షరాల కీలో చివరి 5 మాత్రమే కంప్యూటర్‌లో కనిపిస్తాయి. మిగతావి కావాలంటే కార్డు, బిల్లు మెయిల్ వెతకాల్సిందే. ల్యాప్‌టాప్‌తో వచ్చిన ఆఫీస్ అయితే ఎవరి అకౌంట్‌తో యాక్టివేట్ చేశారో తెలుసుకోవాలి. అదీ అన్నయ్యదే కావొచ్చు!

ఇక ఫైల్స్. డి డ్రైవ్ బదులు బయటి హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేయడం మేలు. C:\Users లో ఇంట్లో ఒక్కొక్కరికీ ఒక్కో ఫోల్డర్ ఉంటుంది. ఎవరి లాగిన్‌లోకి వాళ్లు వెళ్లి డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్, పిక్చర్స్ కాపీ చేసుకోవాలి. డౌన్‌లోడ్స్‌ను చాలామంది వదిలేస్తారు, ఫోన్ నుంచి పంపుకున్న ఆధార్, మార్కుల మెమోలు ఉండేది అక్కడే. కాపీ అయ్యాక రెండు ఫోల్డర్లకూ Properties తెరిచి ఫైల్స్ సంఖ్య సరిచూడాలి. ఆ హార్డ్‌డిస్క్‌ను వేరే కంప్యూటర్‌కు పెట్టి నాలుగు ఫొటోలు, ఒక పీడీఎఫ్ తెరుచుకుంటేనే ల్యాప్‌టాప్‌ను షాపులో ఇవ్వాలి.