క్యారేజీ ప్రకటనలో మొదటి రెండు లైన్లు

ఇంటి వంటను నెలవారీగా అందించాలనుకునే వాళ్ల పోస్టులో ఫొటో నోరూరిస్తుంది. కింద మాత్రం ‘అమ్మచేతి కమ్మదనం’ అని మూడు లైన్లు, ఆపైన ‘ధరకు మెసేజ్ చేయండి’ అని ఉంటుంది. ఇన్‌స్టాగ్రామ్‌లో క్యాప్షన్ మొదటి లైన్లు మాత్రమే ముందు కనిపిస్తాయి, మిగతాది నొక్కితేనే తెరుచుకుంటుంది. ఆ కాస్త చోటులోనే ఏ పూట భోజనం, ఏ ఏరియాకి, ఎంతకి అన్నవి తేలిపోవాలి. మధ్యాహ్న భోజనమైతే ఆ మాటే రాయాలి. ఉత్త ‘టిఫిన్’ అంటే మనవాళ్లు ఇడ్లీ, దోశలే అనుకుంటారు.

హైదరాబాద్ నిజాంపేటలో ఒకావిడ మొదలుపెడుతున్నారనుకుందాం. ఆవిడ క్యాప్షన్ ఇలా ఉండొచ్చు:

“నిజాంపేట, ప్రగతినగర్, బాచుపల్లి వాళ్లకి ఇంటి భోజనం, మధ్యాహ్నం ఒంటిగంటలోపు మీ గుమ్మంలో. నెలకి 26 భోజనాలు రూ.2,860.
అన్నం, పప్పు, కూర, రసం, పెరుగు, పచ్చడి. పూర్తి శాకాహారం. సోమవారం నుంచి శనివారం వరకు.
ఒక్కరోజు రుచి చూడాలంటే రూ.130. వారానికి 6 భోజనాలు రూ.720. డెలివరీ ఇందులోనే.
వద్దనుకున్న రోజు ముందురోజు రాత్రి 8లోపు చెప్తే ఆ భోజనం మీ లెక్కలోనే ఉంటుంది. నెల ప్యాక్ 40 రోజుల్లో వాడుకోవాలి.
మొదలు సోమవారం. ఈ వారం మెనూకి వాట్సాప్ చేయండి.”

ఇందులో ‘నెల’ బదులు ‘26 భోజనాలు’ అని లెక్క కట్టడమే అసలు కిటుకు. నెల అంటే ముప్పై రోజులని ఒకరు, ఆదివారాలు పోనని ఇంకొకరు అనుకుంటారు. పండక్కి ఊరెళ్లినవాళ్లు డబ్బులు వెనక్కి అడుగుతారు. భోజనాలు లెక్కబెట్టి, గడువు చెప్పేస్తే ఆ పేచీ రాదు. ధరల మెట్లు కూడా చూడండి: ఒక్కరోజుకి 130, వారంలో పూటకి 120, నెలలో 110. ఆ అడుగు మెట్టు మీదే జాగ్రత్త పడాలి. సరుకులు, గ్యాస్, ప్యాకింగ్ కలిపి 65, డెలివరీకి 20 పోతే ఆవిడ చేతికి మిగిలేది పూటకి 25 రూపాయలే. మొదటిరోజు ఉత్సాహంలో ‘నెలకి 2,200’ అని రాసేస్తే పూటకి 85 కూడా రాదు. పైగా ఒకసారి పోస్టులో పెట్టిన ధరను పెంచడం చాలా కష్టం.

ఏరియా దగ్గర ‘5 కిలోమీటర్లలోపు’ అని రాస్తే ఎవరికీ తెలియదు, కాలనీ పేర్లే రాయాలి. నిజాంపేట నుంచి కేపీహెచ్‌బీ దగ్గరే. కానీ ముంబై హైవే దాటాలి. మధ్యాహ్నం ఆ ట్రాఫిక్‌లో ఒక్క క్యారేజీ ఇరుక్కుంటే వెనకున్నవన్నీ చల్లారిపోతాయి. అందుకే పై క్యాప్షన్‌లో కేపీహెచ్‌బీ లేదు.

ఇంట్లో వండి అమ్మినా ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఆ 14 అంకెల నంబరును చివర వేయాలి. పోస్టు పెట్టాక ‘గుడ్డు ఉంటుందా?’ అని ముగ్గురు అడిగారంటే, ఆ జవాబు క్యాప్షన్‌లో లేదన్నమాట. ఎవరికి వాళ్లకి విడిగా చెప్పే బదులు అప్పుడే క్యాప్షన్‌ని ఎడిట్ చేసి చేర్చాలి.