బిల్లు పుస్తకంలోంచి వచ్చిన వ్యాసం

హైదరాబాద్ నిజాంపేటలో ఆర్‌ఓ మిషన్లు బాగుచేసే ఒకాయన కిందటేడాది తన వెబ్‌సైట్ నాకు చూపించారు. ఎవరో డబ్బు తీసుకుని చేసిచ్చినది. మొదటి వ్యాసం నీరు ప్రాణాధారమని మొదలై, నమ్మకమైన సేవల కోసం మమ్మల్ని సంప్రదించండి అని ముగుస్తుంది. దాని కింద ముప్ఫై పేజీలు: ప్రగతినగర్, బాచుపల్లి, మియాపూర్, కూకట్‌పల్లి. పేజీ పేజీకీ ఊరి పేరు మారుతుంది తప్ప ఇంకో అక్షరం మారదు. ఎనిమిది నెలల్లో అవి చదివి ఫోన్ చేసినవాళ్లు ఒక్కరూ లేరు.

ఊరి పేరు మాత్రం మార్చి పేజీలు పెంచడాన్ని గూగుల్ తన నిబంధనల్లో స్పామ్ కిందే లెక్కగట్టింది. అలాంటి వాటికి డోర్‌వే పేజీలని పేరు. అది అటుంచినా, బాచుపల్లిలో నీళ్లు ఉప్పగా వస్తున్న ఇల్లాలికి ఆ పేజీలో దొరికేది తన ఊరి పేరొక్కటే. తన నీళ్ల గురించి ఒక్క ముక్క లేదు.

"మరేం రాయాలి సార్, నాకు రాయడం రాదు" అన్నారాయన. బిల్లు పుస్తకం తెమ్మన్నాను. మూడు నెలల బిల్లులు తిరగేస్తే ఒకే ఫిర్యాదు పదే పదే కనిపించింది: పెట్టించి ఏడాదైనా కాలేదు, నీళ్లు మళ్లీ ఉప్పగా వస్తున్నాయి. జనం గూగుల్‌లో కొట్టేదీ దాదాపు అదే, `ro water salty taste` అని. ఆ ఒక్క ప్రశ్నకే మొదటి వ్యాసం రాద్దామనుకున్నాం. వాటిలో ఒక బిల్లు తీసి ఆ రోజు జరిగింది చెప్పమన్నాను. ఆయన చెబుతుంటే నేను రాసుకున్నాను.

ప్రగతినగర్‌లో ఒక అపార్ట్‌మెంటు, ఏప్రిల్ నెల. అంతకుముందు వచ్చిన మనిషి మిషన్ పాడైంది, కొత్తది కొనుక్కోండి అని చెప్పి వెళ్లాడు. ఈయన ముందు టీడీఎస్ మీటరు పెట్టి చూశారు. నీళ్లలో కరిగిన లవణాలు లీటరుకు ఎన్ని మిల్లీగ్రాములో అది చూపిస్తుంది. కుళాయి నీళ్లు 1,140, మిషన్‌లోంచి వచ్చేవి 390. చాలా మిషన్లలో టీడీఎస్ కంట్రోలర్ అని చిన్న మర ఉంటుంది. శుద్ధయిన నీళ్లలో కొంచెం మామూలు నీళ్లు కలపడానికి దాన్ని పెడతారు. అది ఎక్కువ తెరిచి ఉంటే మెంబ్రేన్ బాగున్నా నీళ్లు ఉప్పగానే వస్తాయి. ముందు దాన్ని పూర్తిగా మూసేశారు. 390 కాస్తా 310కి దిగింది, అక్కడే ఆగింది.

తర్వాత నీటి ఒత్తిడి చూశారు. పంపు బలహీనమైనా, ముందుండే ఫిల్టర్లు మూసుకుపోయినా ఒత్తిడి తగ్గి ఉప్పు సరిగా వడకట్టదు. మట్టిని ఆపే ఫిల్టరు పద్నాలుగు నెలలుగా మార్చలేదు, ముదురు గోధుమరంగుకి తిరిగింది. దాన్నీ కార్బన్ ఫిల్టరునీ మార్చినా అంకె పెద్దగా తగ్గలేదు. బాగున్న మెంబ్రేన్ వందపాళ్ల లవణాల్లో తొంభైకి పైగా ఆపాలి. ఇది డెబ్భై మూడే ఆపుతోంది. విప్పి చూస్తే లోపలంతా తెల్లటి సున్నపు పొర. మెంబ్రేన్ మార్చాక 80 వచ్చింది. మెంబ్రేన్‌కి 1,600, రెండు ఫిల్టర్లకి 450, కూలి 300, మొత్తం 2,350 రూపాయలు. కొత్త మిషన్ అక్కర్లేకపోయింది.

ఇక్కడే నేనొక ప్రశ్న అడిగాను: ఆ ఇంట్లో అంత తొందరగా సున్నం ఎందుకు పట్టింది? ఆయన జవాబే వ్యాసానికి ప్రాణమైంది. "ఆ బిల్డింగ్ సంపులో మంజీరా నీళ్లు, బోరు నీళ్లు కలుస్తాయి సార్. ఎండాకాలం మంజీరా తగ్గితే బోరూ ట్యాంకరూ మాత్రమే. అక్టోబరులో ఇదే కుళాయిలో నేను 480 చూశాను." అదే సంపు, అదే కుళాయి, అక్టోబరుకీ ఏప్రిల్‌కీ రెట్టింపుకి మించిన తేడా. ఈ ముక్క ఏ కంపెనీ కరపత్రంలోనూ ఉండదు. ఆ వీధుల్లో మీటరు పట్టుకుని తిరిగినవాడికే తెలుస్తుంది.

కాబట్టి వ్యాసం ఇలా మొదలైంది: "ప్రగతినగర్‌లో మీ ఆర్‌ఓ నీళ్లు ఎండాకాలంలోనే ఉప్పగా మారుతున్నాయా? ముందు సంపులోకి ఏ నీళ్లు వస్తున్నాయో వాచ్‌మన్‌ని అడగండి." తర్వాత మర, ఫిల్టరు, మెంబ్రేన్, ఆయన చూసిన వరుసలోనే. ధరల పక్కన నెల, సంవత్సరం వేశాం, లేకపోతే రెండేళ్ల తర్వాత అదే పేజీ పట్టుకుని వచ్చినవాళ్లతో తగాదా. మీటరు అంకె కనిపించే ఫొటో, సున్నం పట్టిన మెంబ్రేన్ ఫొటో పెట్టాం. ఆ ఇంటివాళ్లను అడిగే పెట్టాం. అపార్ట్‌మెంటు పేరు, ఫ్లాటు నంబరు రాయలేదు.

రెండు వాక్యాల దగ్గర ఆయన తటపటాయించారు. మొదటిది: "మేము ఏ కంపెనీ అధీకృత సర్వీస్ సెంటరూ కాదు. మీ మిషన్ వారంటీలో ఉంటే ముందు కంపెనీకే ఫోన్ చేయండి." ఈ వ్యాపారంలో కంపెనీ పేరు పెట్టుకుని కంపెనీవాళ్లలా మాట్లాడేవాళ్లు చాలామంది ఉన్నారు. అందుకే ఈ వాక్యం ఉండి తీరాలని పట్టుబట్టాను.

రెండోది ఇంకా కష్టమైనది. తాగునీటి భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం టీడీఎస్ 500 దాకా ఆమోదయోగ్యం. ఏడాది పొడవునా అంతకంటే తక్కువే ఉంటే, లవణాల కోసమైతే ఆర్‌ఓ అక్కర్లేదు. ఉన్నదున్నట్టు రాశాం. కొందరు మిషన్ కొనడం మానేస్తారు, నిజమే. దాని పక్కనే ఇంకో సంగతి కూడా చేర్చాం: టీడీఎస్ మీటరు క్రిముల గురించి చెప్పదు, ఫ్లోరైడ్ ఎంతుందో చెప్పదు. అనుమానముంటే ల్యాబులో పరీక్ష చేయించుకోవాల్సిందే. ఈ రెండో సంగతి వదిలేస్తే మొదటిది సగం నిజమే అవుతుంది.

వ్యాసం చేయలేని పని కూడా ఆయనకు చెప్పాను. ఫోన్‌లో "దగ్గర్లో ఆర్‌ఓ సర్వీస్" అని వెతికితే మ్యాపుతో వచ్చే జాబితా వేరు. అందులో ముఖ్యంగా చూసేవి వెతికినదానికి ఎంత సరిపోతుంది, ఎంత దూరం, ఎంత పేరుంది అన్న మూడేనని గూగుల్ స్వయంగా చెబుతోంది. ఎంత బాగా రాసినా మియాపూర్ మనిషికి నిజాంపేట దుకాణం దగ్గరవదు. వ్యాసం పట్టుకునేది సమస్య వెతికేవాళ్లని, అదీ వారాలు, నెలలు గడిచాక. పని చేస్తోందో లేదో సెర్చ్ కన్సోల్‌లో ఉచితంగా చూడొచ్చు. ఏ మాటలు కొడితే మన పేజీ కనిపించిందో అందులో ఉంటుంది. మాటలు దేశమంతటి నుంచీ వస్తూ మన పేటల పేర్లు లేకపోతే వ్యాసంలో ఊరు చాలలేదని అర్థం. ఇంకా నమ్మకమైన కొలత బిల్లు పుస్తకంలోనే ఉంది. ప్రతి బిల్లు మూలన ఆయన ఇప్పుడు ఒక మాట రాస్తున్నారు: ఎవరైనా చెబితే వచ్చారా, మ్యాపు చూసి వచ్చారా, చదివి వచ్చారా.

చదివి వచ్చినవాళ్ల ఫోన్ వేరుగా ఉంటుందని ఆయన అంటారు. మొన్న ఒకావిడ బాచుపల్లి నుంచి చేశారట. "అన్నా, మీరు రాసినట్టే మర మూసేసి చూశాను. కుళాయి 960, మిషన్ 265. ఫిల్టర్లు పోయిన నెలే మార్పించాం. మెంబ్రేన్ తెచ్చుకునే రండి."