తెల్లజుట్టుకు నల్లరంగే ఎందుకు?

నెరిసిన జుట్టుకు రంగు వేయాలనగానే చేయి నల్ల డబ్బా మీదకే పోతుంది. పుట్టింది నల్లజుట్టుతోనే కదా అని లెక్క. కానీ ఎండలో నిలబడ్డ పాతికేళ్ల అమ్మాయి జడను దగ్గరగా చూడండి. పాయల అంచున ముదురు బ్రౌన్ మెరుస్తుంది, ఒక్కో వెంట్రుక ఒక్కోలా ఉంటుంది. డబ్బాలోని నలుపుకి ఆ హెచ్చుతగ్గులు లేవు. యాభై దాటిన ముఖం పక్కన ఆ నలుపు మరీ గట్టిగా కనిపించి, కళ్ల కింద నీడల్ని, ముడతల్ని ముందుకు తెస్తుంది. జుట్టు నెలకు సుమారు సెంటీమీటరు పెరుగుతుంది కాబట్టి పాపిట్లో తెల్లగీత కూడా తొందరగా బయటపడుతుంది. బ్రౌన్ వేస్తే ఆ గీత అంత కొట్టొచ్చినట్టుండదు.

షేడ్ ఎంచుకోవడమంటే రెండు సంగతులు తేల్చుకోవడమే: ఎంత ముదురు, ఏ ఛాయ. మొదటిదానికి కళ్లు, కనుబొమలు చూడాలి, రెండోదానికి చర్మం.

పొద్దున కిటికీ పక్కన అద్దం పట్టుకుని కంటి నల్లగుడ్డును చూసుకోండి. మనవాళ్లవి చాలావరకు నల్లకళ్లే అంటాం గానీ వెలుతురు పడితే కొందరివి కాఫీ డికాషన్ రంగులో, కొందరివి తేనెరంగులో తేలతాయి. అంత వెలుగులోనూ నల్లగానే ఉంటే డబ్బా మీద 2 లేదా 3 అంకె సరిపోతుంది. డికాషన్ రంగైతే 3 లేదా 4, తేనెకళ్లయితే 5 దాకా పోవచ్చు. అంకె పెరిగేకొద్దీ రంగు లేతబడుతుంది. కనుబొమలు నల్లగా ఉండి జుట్టు మరీ లేతగా ఉంటే రంగేసిన సంగతి ఇట్టే తెలిసిపోతుంది కాబట్టి వాటినీ లెక్కలోకి తీసుకోవాలి.

అండర్‌టోన్ అంటే తెలుపా చామనఛాయా అన్నది కాదు, ఆ రంగు అడుగున ఉండే జీర. చామనఛాయలోనే ఒకరిది పసుపు జీర, ఇంకొకరిది గులాబీ లేదా నీలి జీర. మణికట్టు నరాలు పచ్చగా ఉంటే వెచ్చన, నీలంగా ఉంటే చల్లన అంటారు గానీ ముదురు చర్మం మీద నరాలు సరిగా కనపడవు. అంతకంటే తెల్లకాగితం నయం. పసుపు, పౌడరు ఏమీ రాయని ముఖం పక్కన పగటి వెలుతురులో పెట్టి చూడండి. చర్మం పసుపుగా తోస్తే వెచ్చన, గులాబీగానో బూడిదగానో తోస్తే చల్లన. రెండూ కాకపోతే మధ్యరకం, వారికి ఏదైనా నప్పుతుంది. ట్యూబులైటు కింద మాత్రం ఈ పరీక్ష పెట్టుకోకండి.

చుక్క తర్వాతి అంకె ఛాయను చెబుతుంది. చాలా కంపెనీల్లో .1 బూడిద ఛాయ, .3 బంగారు ఛాయ, .6 ఎరుపు. అయితే వెచ్చని చర్మానికి నేరుగా 4.3 పూస్తే చిక్కే. సగం నెరిసిన తలలో రెండు రకాల జుట్టుంటుంది. నల్లవెంట్రుకలో సహజంగా ఎర్రదనం ఉంది, డెవలపర్ దాన్ని బయటికి తెస్తుంది. తెల్లవెంట్రుకలో ఏమీ లేదు. అందుకే ఒట్టి బంగారు ఛాయ తెల్లవాటి మీద మరీ మెరిసిపోతుంది, ఒట్టి బూడిద ఛాయ వాటి మీద పాచిపట్టినట్టు దిగాలుగా కనిపిస్తుంది. పార్లర్లలో సహజ ఛాయను కలిపేది ఇందుకే.

ఒక ఉదాహరణ తీసుకుందాం. యాభైరెండేళ్లావిడ, చామనఛాయ, పసుపు జీర, డికాషన్ రంగు కళ్లు, కణతల దగ్గర సగానికి పైగా తెలుపు. కొత్తగా మొదలుపెడుతుంటే రెండు పాళ్లు 4.0లో ఒక పాలు 4.3 కలిపి, 20 వాల్యూమ్ డెవలపర్‌ను డబ్బా మీది కొలత ప్రకారం పోస్తే చాలు. తెల్లవెంట్రుక మొండిది కాబట్టి కణతల నుంచే మొదలుపెట్టాలి. చల్లని జీర ఉన్నావిడకు 4.3 బదులు 4.1 కలపాలి. కానీ ఆవిడ ఏళ్ల తరబడి నలుపే వేస్తుంటే కథ మారుతుంది. రంగు మీద రంగు వేస్తే పాతది లేతబడదు. కింద నల్లజడ, పైన బ్రౌన్ కుదుళ్లు మిగులుతాయి. అలాంటప్పుడు కుదుళ్లకు ముందు 3 వేసుకుంటూ, పాత నలుపును చివర్ల నుంచి కత్తిరించుకుంటూ 4కి రావడం మేలు.

వేసేముందు ప్యాక్ మీద చెప్పినట్టు చెవి వెనక కాస్త రాసి 48 గంటలు ఆగాలి. ఇదివరకు పడిన డై కూడా ఎప్పుడైనా పడకపోవచ్చు.

ఫలితాన్ని తడిజుట్టు మీద అంచనా వేయొద్దు, తడిలో ఏ రంగైనా ముదురే. ఒకటి రెండు తలస్నానాలయ్యాక ఆరుబయట చూడండి. అప్పటికీ ముదురనిపిస్తే చాలామంది తర్వాతిసారి టైము కాకముందే కడిగేస్తారు. దాంతో తెల్లవెంట్రుకకు రంగు పూర్తిగా పట్టక నాలుగు స్నానాల్లో వెలిసిపోతుంది. టైము తగ్గించకుండా, ఒక అంకె పైది తెచ్చుకోండి.