ఎంటీఎస్ అంటే ఏ ఉద్యోగం?

గూగుల్‌లో ఎంటీఎస్ అని కొడితే స్టాఫ్ సెలక్షన్ కమిషన్ పరీక్ష గురించిన పేజీలు వరుస కడతాయి. సిలబస్, పాత ప్రశ్నపత్రాలు, కోచింగ్ సెంటర్ల ప్రకటనలు. అక్కడ ఎంటీఎస్ అంటే మల్టీ టాస్కింగ్ స్టాఫ్. ఆరో వేతన సంఘం సిఫార్సుల తర్వాత కేంద్ర ప్రభుత్వ కార్యాలయాల్లో పాత గ్రూప్-డి పోస్టుల బదులు వచ్చిన పేరది. పదో తరగతి పాసైతే చాలు. సాఫ్ట్‌వేర్ కంపెనీలకు వెళ్తే ఇవే మూడక్షరాలకు అర్థం మారిపోతుంది. చెన్నైలోని జోహో వంటి చోట్ల ఎంటీఎస్ అంటే మెంబర్ టెక్నికల్ స్టాఫ్, అంటే కోడ్ రాసే ఇంజినీరు. అమెరికాలోని బెల్ ల్యాబ్స్ కాలం నుంచి సాంకేతిక రంగంలో ఉన్న హోదా అది.

హోదాగా ఆ పేరుకు వచ్చిన లోటేమీ లేదు. చిక్కల్లా దాన్నే ప్రకటనకు శీర్షికగా పెట్టినప్పుడు. ఉద్యోగం మారాలనుకునే ఇంజినీరు ఫోన్ తీసి జావా డెవలపర్ అనో, సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ అనో కొడతాడు. వెళ్లబోయే కంపెనీ తన పనికి ఏ పేరు పెట్టుకుందో అతనికెలా తెలుస్తుంది? అతనికి తెలిసింది ఇప్పటిదాకా తాను చేసిన పని పేరే.

ఈ సంగతి గుర్తించిన ప్రకటనలు లేకపోలేదు. 2019లో ఆంధ్రప్రదేశ్ గ్రామ, వార్డు సచివాలయాల కోసం విద్యుత్ సంస్థలు నియామకాలు చేపట్టినప్పుడు కొత్త పోస్టుకు ఎనర్జీ అసిస్టెంట్ అని పేరు పెట్టారు. ఆ మాట విని అది స్తంభం ఎక్కే పని అని ఎవరూ అనుకోరు. అయితే నోటిఫికేషన్‌లో ఆ పేరు పక్కనే జూనియర్ లైన్‌మన్ గ్రేడ్-2 అని కూడా రాశారు. లైన్‌మన్ అంటే ఊళ్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు.

ప్రైవేటు సంస్థల్లో ఈ పొరపాటు చాలావరకు ఎవరూ కావాలని చేసేది కాదు. కొత్త మనిషి కావాలని మేనేజరు అడిగితే హెచ్ఆర్ సాఫ్ట్‌వేర్‌లో ఒక ఫారం నింపుతారు. అందులో హోదాల జాబితా ముందే ఉంటుంది. జీతాల శ్రేణి, గ్రేడు, విభాగం లెక్కలకు పనికొచ్చేలా ఎప్పుడో తయారుచేసిన జాబితా అది. అందులోంచి ఒకటి ఎంచుకుంటే, ఆ మాటే కంపెనీ వెబ్‌సైట్‌కూ, అక్కడి నుంచి జాబ్ పోర్టళ్లకూ పోతుంది. పేరోల్ కోసం పుట్టిన పేరు అలా వీధిలోకి వచ్చి బోర్డై కూర్చుంటుంది.

మేడ్చల్ దగ్గర ఒక గోడౌన్ ఉందనుకుందాం. ఆన్‌లైన్ ఆర్డర్లకు సరుకు తీసి, స్కాన్ చేసి, పెట్టెల్లో కట్టే మనుషులు కావాలి. హెచ్ఆర్ పెట్టిన శీర్షిక ఇది: ‘ఆపరేషన్స్ అసోసియేట్ – ఎఫ్‌సీ – ఎల్1 – అర్జెంట్!!’. ఎఫ్‌సీ అంటే ఫుల్‌ఫిల్‌మెంట్ సెంటర్, ఆ కంపెనీ భాషలో గోడౌన్. ఎల్1 అంటే అడుగు గ్రేడు. ఇక ఆపరేషన్స్ అన్నమాట ఆస్పత్రికీ సరిపోతుంది, బ్యాంకుకూ సరిపోతుంది. సెర్చ్ యంత్రాలు డెవలపర్, ఇంజినీర్ వంటి దగ్గరి మాటలను కొంతవరకు కలుపుకోగలవు కానీ, ఒక కంపెనీ గోడల మధ్య పుట్టిన పొడి అక్షరాలను విప్పలేవు. ఒకవేళ ఆ ప్రకటన ఫలితాల్లోకి వచ్చినా, ఫోన్ తెరమీద మొదట కనబడేది శీర్షిక, కంపెనీ పేరు, ఊరు, అంతే. పని వివరం తెలియాలంటే వేలితో నొక్కాలి, తనకు సంబంధం లేదనిపించినదాన్ని ఎవరూ నొక్కరు.

మరి ఏ మాట పెట్టాలి? హెచ్ఆర్ వాళ్లు ముందుగా గూగుల్ ట్రెండ్స్ తెరుస్తారు. అది మంచిదే కానీ అందులో కనిపించే 0 నుంచి 100 అంకెలు ఎంతమంది వెతికారో చెప్పవు. ఎంచుకున్న కాలంలో గరిష్ఠ స్థాయిని 100 అనుకుంటే మిగతావి ఎంత ఉన్నాయన్న పోలిక మాత్రమే. అంతకంటే నమ్మకమైన దారి గోడౌన్‌లోనే ఉంది. గత నెలలో చేరిన పదిమందిని టీ దగ్గర ఆపి, ‘పని కోసం ఫోన్‌లో ఏం కొట్టారు?’ అని అడగడం. గోడౌన్ పని, వేర్‌హౌస్ జాబ్స్, ప్యాకింగ్ జాబ్స్, పికర్ ప్యాకర్ లాంటి మాటలు బయటికొస్తాయి. ఆ తర్వాత పోర్టల్‌లోని రెజ్యూమేల్లో ఇంతకుముందు ఇదే పని చేసినవాళ్లు తమ హోదా దగ్గర ఏం రాసుకున్నారో చూడాలి.

ఎక్కువమంది కొట్టే మాటే సరైనదని కూడా అనుకోకూడదు. ప్యాకింగ్ జాబ్స్ అన్నదానికి ఒక చెడ్డ చుట్టరికం ఉంది. ఇంట్లో కూర్చుని పెన్సిళ్లు ప్యాక్ చేస్తే వేలకు వేలు అంటూ రిజిస్ట్రేషన్ ఫీజు గుంజే మోసాలు ఆ మాట చుట్టూనే తిరుగుతుంటాయి. ఆ శీర్షిక పెడితే ఇంటిపని ఆశించినవాళ్ల ఫోన్లు ఆగవు. మోసమేమోనని భయపడి అసలు మనిషి పక్కకు తప్పుకుంటాడు. కాబట్టి మన గోడౌన్‌కు ‘వేర్‌హౌస్ ప్యాకర్’ నయం. ఎక్కడి పనో, ఏం పనో ఆ రెండు మాటల్లోనే తెలిసిపోతుంది. ఫోర్క్‌లిఫ్ట్ నడిపే మనిషి కూడా కావాలంటే అది వేరే ప్రకటన. రెండింటినీ ఒకే శీర్షికలో గీతలు పెట్టి ఇరికిస్తే ఏదీ కుదరదు.

ఇక ఊరు, జీతం, అర్జెంట్ అన్న కేక సంగతి. గూగుల్ ఉద్యోగాల వెతుకులాటను 2018లో మన దేశంలోకి తెచ్చింది. వెబ్ పేజీలో ఉద్యోగ వివరాలను దానికి అందించే పద్ధతిలో ఒక్కో సంగతికి ఒక్కో గది ఉంటుంది:

```json
{
  "@type": "JobPosting",
  "title": "Warehouse Packer",
  "jobLocation": {
    "@type": "Place",
    "address": "Medchal, Telangana"
  }
}
```

శీర్షిక గదిలో ఉద్యోగం పేరు మాత్రమే ఉండాలని, జాబ్ కోడ్, చిరునామా, తేదీ, జీతం, కంపెనీ పేరు అందులో పెట్టవద్దని గూగుల్ సూచనలు చెబుతాయి. ఆశ్చర్యార్థకాలు, చుక్కలు గుప్పించడం కూడా దానికి నచ్చదు. జీతానికి baseSalary అనే గది వేరే ఉంది.

పేరు మార్చాక ఫలితం చూడటానికి కాస్త ఓపిక కావాలి. ప్రకటన ఎన్నిసార్లు కనబడింది, ఎంతమంది నొక్కారు, ఎంతమంది దరఖాస్తు చేశారు అన్న మూడు అంకెలను విడివిడిగా చూడాలి. కనబడటమే తక్కువగా ఉంటే తప్పు చాలావరకు మాటదే, ఎవరూ ఆ పేరుతో వెతకడం లేదు. కనబడుతున్నా నొక్కకపోతే పేరు అర్థం కాలేదో, ఊరు దూరమో, జీతం చాలలేదో కావచ్చు. బోలెడన్ని దరఖాస్తులొచ్చి అందులో పనికొచ్చేవి నాలుగే ఉంటే శీర్షిక మరీ వెడల్పయిందని అర్థం. ఎండలో బైకు మీద తిరిగి అమ్మకాలు చేసే పనికి బిజినెస్ డెవలప్‌మెంట్ ఎగ్జిక్యూటివ్ అని పేరు పెట్టేవాళ్లు ఈ మూడు అంకెల్లోనూ గెలుస్తారు. వాళ్ల సమస్య నాలుగో అంకెలో బయటపడుతుంది, చేరినవాళ్లలో నెల తిరక్కుండా వెళ్లిపోయిన వాళ్లెందరు అన్నదాంట్లో.

ఇంతా చేసి మేడ్చల్ గోడౌన్ తన గ్రేడ్లను తిరగరాయాల్సిన పని లేదు. నియామక పత్రంలో, పేస్లిప్‌లో ఆపరేషన్స్ అసోసియేట్ ఎల్1 అనే ఉండొచ్చు. ప్రకటన అడుగున మాత్రం ‘అపాయింట్‌మెంట్ లెటర్‌లో ఈ ఉద్యోగం పేరు ఆపరేషన్స్ అసోసియేట్ అని ఉంటుంది’ అని ఒక్క వాక్యం రాయాలి. లేకపోతే చేరిన రోజే ఆ కుర్రాడు కాగితం పట్టుకుని హెచ్ఆర్ బల్ల దగ్గరికొస్తాడు, తనకు వేరేవాళ్ల లెటర్ ఇచ్చారేమోనని.