చుక్క కదలదు, కదిలితే తోక

జీడిమెట్లలోనో పరవాడలోనో ఏ మందుల కంపెనీ ల్యాబులో చూసినా, ఫ్యూమ్ హుడ్‌ల పక్కన అరచేతిలో ఇమిడిపోయే తెల్లటి ప్లేట్లు కనిపిస్తాయి. అల్యూమినియం రేకు మీద సిలికా జెల్‌ను పల్చగా పరిచి చేసినవి. రియాక్షన్ పూర్తయిందా, చేసిన పదార్థం శుభ్రంగా ఉందా అని కెమిస్టులు రోజుకు ఎన్నోసార్లు అడిగేది వీటినే. పనిని టీఎల్‌సీ అంటారు, అంటే థిన్ లేయర్ క్రోమటోగ్రఫీ. 1938లో ఖార్కివ్‌లో ఇజ్మైలోవ్, ష్రైబర్ అనే ఇద్దరు గాజు పలక మీద అల్యూమినా పూసి ఔషధ మొక్కల సారాలను విడదీశారు. 1950లలో జర్మనీకి చెందిన ఎగోన్ స్టాల్ దాన్ని ఎవరైనా చేయగలిగే పద్ధతిగా స్థిరపరిచాడు.

పద్ధతి చూడ్డానికి సులువే. ప్లేటు అడుగు నుంచి సుమారు ఒక సెంటీమీటరు పైన పెన్సిల్‌తో గీత గీస్తారు. పెన్నుతో గీయకూడదు, ఇంకు కూడా ద్రావణితో పాటు పైకి పాకుతుంది. ఆ గీత మీద కేపిల్లరీతో నమూనా చుక్క పెట్టి, అర సెంటీమీటరు ద్రావణి పోసిన బీకరులో ప్లేటును నిలబెట్టి మూత పెడతారు. ద్రావణి సిలికాలోంచి పైకి ఎక్కుతూ చుక్కలను తనతో తీసుకెళ్తుంది. సిలికాకు గట్టిగా అతుక్కునేది కింద ఉండిపోతుంది, అంతగా అతుక్కోనిది పైకి పోతుంది. చుక్క వెళ్లిన దూరాన్ని ద్రావణి వెళ్లిన దూరంతో భాగిస్తే వచ్చేది ఆర్‌ఎఫ్. 1978లో క్లార్క్ స్టిల్ బృందం ఫ్లాష్ కాలమ్ పద్ధతిని వివరిస్తూ సూచించిన 0.35 చుట్టుపక్కలే ఇప్పటికీ చాలామంది గురి.

చిక్కు ఎక్కడంటే, కొన్నిసార్లు చుక్క గీత మీదే కూర్చుండిపోతుంది. కొన్నిసార్లు కదులుతుంది కానీ గుండ్రంగా ఉండదు, గీత నుంచి పైదాకా తోకలా సాగుతుంది. ల్యాబుల్లో ‘స్పాట్ లాగుతోంది’ అంటారు. రెండిటికీ కొత్తవాళ్లు చేసేది ఒకటే: మిథనాల్ ఇంకాస్త పోయడం. దాంతో తోక కాస్త పైకి జరుగుతుంది కానీ తోకగానే ఉంటుంది. కదలకపోవడం, సాగడం చాలాసార్లు రెండు వేర్వేరు జబ్బులు. ముందు చుక్క ఆకారం చూసి, తర్వాత సీసా మూత తీయాలి.

ఇది బాగా తెలిసేది కాలేజీ ప్రాక్టికల్స్‌లో చేయించే మూడు మందుల ప్రయోగంలో: ఆస్పిరిన్, పారాసిటమాల్, కెఫీన్. అమెరికాలో ఎక్సెడ్రిన్ పేరుతో అమ్మే తలనొప్పి మాత్రలో ఈ మూడూ కలిసే ఉంటాయి. మాత్రను నూరి డైక్లోరోమీథేన్, మిథనాల్ సమంగా కలిపిన ద్రావణంలో కరిగిస్తే అడుగున తెల్లటి మడ్డి మిగులుతుంది. మాత్ర గట్టిపడటానికి కలిపే పిండి పదార్థం వగైరా అది. పైన తేటనే కేపిల్లరీలోకి తీసుకోవాలి. మడ్డి కూడా వస్తే అది గీత మీదే ఉండిపోతుంది. ద్రావణిలో కరగనిదాన్ని ఏ ద్రావణీ పైకి తీసుకెళ్లలేదు.

హెక్సేన్, ఇథైల్ అసిటేట్ సమంగా కలిపి ప్లేటు నడిపి, 254 నానోమీటర్ల యూవీ దీపం కింద పెడితే పచ్చటి వెలుగులో నల్లటి మచ్చలు కనిపిస్తాయి. కెఫీన్ దాదాపు గీత మీదే. పారాసిటమాల్ కాస్త పైన. ఆస్పిరిన్ తోకతో. హెక్సేన్ పూర్తిగా మానేసి ఇథైల్ అసిటేట్ ఒక్కటే వాడితే పారాసిటమాల్ చక్కగా గుండ్రంగా పైకి వస్తుంది. ఆస్పిరిన్ కూడా ఎక్కుతుంది, తోక మాత్రం వదలదు. కెఫీన్ ఇంకా కిందే ఉంటుంది.

ముందు ఆస్పిరిన్ సంగతి. అది కార్బాక్సిలిక్ ఆమ్లం. ప్లేటు మీద దాని అణువుల్లో కొన్ని ప్రోటాన్ వదిలేసి అయాన్‌గా ఉంటాయి, మిగిలినవి మామూలుగా ఉంటాయి. అయాన్‌గా ఉన్నవి సిలికాను వదలవు, మామూలువి ద్రావణితో పోతాయి. ఈ రెండు రూపాలూ అటూ ఇటూ మారుతుండటం వల్ల ఒకే పదార్థం వేగమొకటిగా ఉండక వెనక వెనక పడి తోకగా సాగుతుంది. పైగా సిలికా ఉపరితలం అంతటా ఒకేలా ఉండదు. కొన్ని చోట్ల అతుక్కునే బలం ఎక్కువ. మందు: ఇథైల్ అసిటేట్‌లో అసిటిక్ ఆమ్లం కొద్దిగా. పది మిల్లీలీటర్లకు ఒక్క చుక్క, అంటే సుమారు 0.5 శాతం, చాలు. ఆ ఆమ్లం ఆస్పిరిన్‌ను మొత్తం మామూలు రూపంలోనే ఉంచుతుంది, సిలికా మీది గట్టి చోట్లను తానే ఆక్రమిస్తుంది. తోక ముడుచుకుని గుండ్రటి చుక్క అవుతుంది. పారాసిటమాల్ కూడా ఫీనాలే గానీ, దాని ఆమ్లత్వం చాలా తక్కువ కాబట్టి ఈ చుక్కతో దానికి పెద్దగా పనిలేదు.

కెఫీన్ దగ్గర చాలామంది పొరబడతారు. దాని అణువులో నాలుగు నత్రజనులున్నాయి, పైగా ఆల్కలాయిడ్ అంటారు. క్షారమే అయి ఉంటుందని ట్రైఇథైల్ అమీన్ వేస్తారు. ఏమీ మారదు. కెఫీన్ క్షారంగా దాదాపు లెక్కలోకి రానంత బలహీనమైనది. దాన్ని సిలికా పట్టుకుని ఉంచేది అందులోని రెండు కార్బొనిల్ గుంపులు, ఒక నత్రజని చేసే హైడ్రోజన్ బంధాలు. అంటే ఇక్కడ నిజంగా కావలసింది ద్రావణి బలమే. డైక్లోరోమీథేన్‌లో 5 శాతం మిథనాల్ కలిపి నడిపితే కెఫీన్ గీత వదిలి హాయిగా పైకి వస్తుంది. చుక్క గుండ్రంగా ఉండి గీత మీద ఉంటే బలం పెంచాలి, తోక ఉంటే అయాన్ల సంగతి చూడాలి అన్న తేడా ఈ ఒక్క ప్లేటులోనే తెలిసిపోతుంది.

నిజమైన క్షారం ఎలా ఉంటుందో చూడాలంటే మలేరియాకు వాడే క్లోరోక్విన్ తీసుకోవచ్చు. సిలికా ఉపరితలం మీది Si-OH గుంపులు కొద్దిగా ఆమ్ల స్వభావం ఉన్నవి. అమీన్లు వాటికి పట్టుబడతాయి. 10 శాతం మిథనాల్ కలిపిన డైక్లోరోమీథేన్ పోసినా క్లోరోక్విన్ గీత దగ్గర్నుంచి మసకగా సాగుతుంది. అందుకే అక్కడ 1 శాతం ట్రైఇథైల్ అమీన్ గానీ, కొద్దిపాటి గాఢ అమోనియా గానీ కలుపుతారు. ఆ క్షారం Si-OH చోట్లను ముందే ఆక్రమించి, అమీన్‌కు చోటు లేకుండా చేస్తుంది. ఇంకో సంగతి కూడా చూసుకోవాలి. మాత్రలో ఉండేది ఫాస్ఫేట్ లవణం. లవణాన్ని అలాగే పెడితే అది గీత మీద కూర్చోవడంలో ఆశ్చర్యం లేదు. అమోనియాతో క్షార రూపంలోకి మార్చి సేంద్రియ ద్రావణిలోకి తీసుకుని చుక్క పెట్టాలి. ఫోరెన్సిక్ ల్యాబుల్లో మందుల కోసం దశాబ్దాలుగా వాడే మిశ్రమాలు చూస్తే ఇదే ఆలోచన కనిపిస్తుంది: సైక్లోహెక్సేన్, టొలుయీన్, డైఇథైల్ అమీన్ 75:15:10 పాళ్లలో. లేదంటే మిథనాల్ వంద పాళ్లకు గాఢ అమోనియా ఒకటిన్నర పాళ్లు. రెండింటిలోనూ క్షారం ఉండనే ఉంటుంది.

అమ్లం, క్షారం రెండూ ఒకే బీకరులో పోయకూడదు, ఒకదాన్నొకటి చంపుకుంటాయి.

ఇంతకీ ఇవన్నీ చేసే ముందు రెండు నిమిషాల పరీక్ష ఒకటుంది. చాలాసార్లు తోకకు కారణం రసాయనం కాదు, చుక్క మరీ ఎక్కువ కావడం. నమూనాలో కొంత తీసుకుని పది రెట్లు పలచన చేసి, అదే ప్లేటు మీద పక్కనే పెట్టాలి. పలచటిది గుండ్రంగా వచ్చి చిక్కటిది సాగితే జబ్బు సరుకు ఎక్కువ కావడమే, ద్రావణి మార్చాల్సిన పని లేదు. రెండూ ఒకే తీరులో సాగితే అయాన్ల సంగతి ఆలోచించాలి. డీఎంఎఫ్, డీఎంఎస్ఓలలో రియాక్షన్ చేసినప్పుడు మరో చిక్కు: ఆ ద్రావణులు ఆవిరి కావు, చుక్కలోనే ఉండి దాన్ని చెదరగొడతాయి. నమూనాలో నీళ్లు, ఇథైల్ అసిటేట్ పోసి కలియబెట్టి పై పొరలోంచి చుక్క పెడితే వాటిలో చాలాభాగం నీటిలోకి పోతుంది.

ఇన్ని చేసినా తోక పోకపోతే మిగిలే అనుమానం ఒకటి: పదార్థం ప్లేటు మీదే విరిగిపోతోందేమో. సిలికా ఆమ్ల స్వభావానికి కొన్ని సున్నితమైన పదార్థాలు నిలవవు. దీన్ని పట్టే తీరు కెమిస్టులకు ఇష్టమైనది. చదరపు ప్లేటు ఒక మూలన ఒక్కటే చుక్క పెట్టి నడిపి, బాగా ఆరబెట్టి, 90 డిగ్రీలు తిప్పి అదే ద్రావణిలో మళ్లీ నడుపుతారు. పదార్థం నిలకడగా ఉంటే ప్రతి చుక్కా రెండు దిక్కుల్లోనూ ఒకే దూరం పోతుంది కాబట్టి అన్నీ మూల నుంచి మూలకు గీసిన ఏటవాలు గీత మీదే ఉంటాయి. గీతకు పక్కన కొత్త చుక్క తేలితే అది మొదటి పరుగుకూ రెండో పరుగుకూ మధ్య పుట్టిందని అర్థం. అలాంటప్పుడు ముందే ట్రైఇథైల్ అమీన్ కలిపిన ద్రావణిలో ప్లేటును ముంచి ఆరబెట్టి సిలికా ఆమ్లత్వాన్ని తగ్గించి చూస్తారు, లేదా అల్యూమినా ప్లేటుకు మారతారు.

కలిపిన ఆమ్లాలు, క్షారాలు వాడాక ప్లేటును వేడి గాలితో బాగా ఆరబెట్టడం మరవకూడదు. ట్రైఇథైల్ అమీన్ 89 డిగ్రీల దగ్గర మరుగుతుంది, త్వరగా పోతుంది. అసిటిక్ ఆమ్లానికి 118 డిగ్రీలు కావాలి, కాస్త ఓపిక పట్టాలి. అమీన్ వాసన మిగిలి ఉండగా నిన్‌హైడ్రిన్ చల్లితే చుక్కలతో పాటు ప్లేటు మొత్తం రంగెక్కే ప్రమాదం ఉంది. ప్లేటు మీద బాగా పనిచేసిన మిశ్రమాన్నే కాలమ్‌లో పోసేవాళ్లు ఇంకో లెక్క కూడా వేసుకోవాలి: చివర్లో వచ్చే ఫ్రాక్షన్ల నుంచి ఆ అసిటిక్ ఆమ్లాన్ని తీసేయడానికి టొలుయీన్ కలిపి రోటావేపర్ మీద రెండు మూడుసార్లు ఆవిరి చేయాల్సి వస్తుంది.